అమ్మమ్మ కథల మాటపట్టిక: ఏ తోక కోయాలి, ఏ తోక ఉంచాలి

అమ్మమ్మ చెప్పిన కథలు ఫోన్‌లో రికార్డు చేసి, టైపు చేసి, వాటి చివర చిన్న నిఘంటువు పెట్టాలన్నది పని. మాటలన్నీ కలిపి 11,240. మళ్లీ మళ్లీ వచ్చినవి ఒక్కసారే లెక్కేస్తే 4,310 రూపాలు. వీటిలో 'చదివాడు', 'చదువుతుంది', 'చదవలేదు' అన్నీ 'చదువు' కిందికి రావాలి. 'చదివించు' కూడా దాని కిందికే రావాలా? 'చదవడం' సంగతేంటి? నా సమస్యంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

భాషాశాస్త్రంలో దీన్ని ఇన్‌ఫ్లెక్షన్, డెరివేషన్ అని విడదీస్తారు. ఒకే మాట వాక్యాన్ని బట్టి వేసుకునే వేషాలు మొదటిది. ఒక మాట నుంచి ఇంకో మాట పుట్టడం రెండోది. మాట చివర చేరే ముక్కని తోక అందాం. మొదటి రకం తోకలు కోసేయాలి, రెండో రకం తోకలున్న మాటలకి పట్టికలో సొంత చోటు ఇవ్వాలి. వినడానికి తేలికే. ఏ తోక ఏ రకమో తేల్చుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

మొదటి దశ: అన్నీ కోసేశాను

చేత్తో 31 తోకల జాబితా రాసుకున్నాను: లు, కి, ని, లో, తో, డం, టం, ఇంచు, తనం, గా, వాళ్లు వగైరా. పొడవైన తోక ముందు కోసేలా రాసిన ప్రోగ్రామ్ ఇది, ఇక్కడ ఆరు తోకలే చూపిస్తున్నాను:

```python
TAILS = ["తనం", "ఇంచు", "డం", "గా", "లు", "కి"]

def cut(w):
    for t in sorted(TAILS, key=len, reverse=True):
        if w.endswith(t):
            return w[:-len(t)]
    return w
```

మొదటి తప్పు ఇక్కడే దొరికింది. 'ఇంచు' అనే తోక ఒక్క మాటలోనూ దొరకలేదు. 'చేయించు'లో ఉన్నది 'ఇ' అక్షరం కాదు, 'య' మీది గుడి. కంప్యూటర్‌కి ఆ రెండూ వేర్వేరు. తోకని `"ించు"` అని గుడితో మొదలుపెట్టి రాస్తే దొరికింది. కానీ వెంటనే 'దించు' అన్న మాట 'ద' అయి కూర్చుంది.

ఫలితాల్లోంచి 200 మాటలు గుడ్డిగా ఏరి చేత్తో సరిచూశాను.

- పట్టికలో మాటలు: 1,870
- 200లో తప్పులు: 61
- అందులో 'దించు → ద' లాంటి కోత పొరపాట్లు: 22
- వేరే మాటని తప్పు మాట కింద పెట్టినవి: 39

ఆ 22 ప్రోగ్రామ్ జబ్బు. కోయకూడని మాటలన్నీ ఒక మినహాయింపు జాబితాలో పెడితే చాలావరకు తగ్గింది. మిగతా 39 మాత్రం ప్రోగ్రామ్‌ది కాదు, నా ఆలోచనదే తప్పు.

రెండో దశ: మొదటి పరీక్షని నమ్మి మోసపోయాను

పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ముందు చెప్పే పరీక్ష ఇది: తోక తగిలాక మాట జాతి మారితే, అంటే క్రియ నామవాచకమో, నామవాచకం విశేషణమో అయితే, అది డెరివేషన్. మారకపోతే ఇన్‌ఫ్లెక్షన్. 'మంచి' విశేషణం, 'మంచితనం' నామవాచకం, కాబట్టి డెరివేషన్. 'పిల్ల', 'పిల్లలు' రెండూ నామవాచకాలే, కాబట్టి ఇన్‌ఫ్లెక్షన్. ఇంతవరకు హాయిగానే ఉంది.

ఈ ఒక్క సూత్రంతోనే 31 తోకల్ని విడదీసి మళ్లీ నడిపాను.

- పట్టికలో మాటలు: 2,610
- 200లో తప్పులు: 47

పట్టిక ఉబ్బిపోయింది. 'రావడం', 'పోవడం', 'తినడం', 'కూర్చోవడం' అన్నీ సొంత ఎంట్రీలయ్యాయి. అలాంటి నిఘంటువు ఎవరు కొంటారు? 'రావడం' అంటే ఏమిటో చూడ్డానికి ఎవరూ నిఘంటువు తెరవరు. అటు పక్క 'చదివించు' పోయి 'చదువు' కింద కలిసిపోయింది, ఎందుకంటే రెండూ క్రియలే, జాతి మారలేదు.

-డం విషయంలో ఈ పరీక్ష ఎందుకు చెడిందో చూడాలంటే 'చదవడం' పక్కన 'చదువు' అనే నామవాచకాన్ని పెట్టి చూడాలి:

1. 'పుస్తకాన్ని త్వరగా చదవడం' అంటాం. 'పుస్తకాన్ని త్వరగా చదువు' అంటే అది ఆజ్ఞ అయిపోతుంది, నామవాచకం కాదు.
2. 'మంచి చదువు' అంటాం. 'మంచి చదవడం' అనం, 'బాగా చదవడం' అంటాం.

అంటే 'చదవడం' బయటికి నామవాచకం, లోపల ఇంకా క్రియే. కర్మని 'ని'తో తీసుకుంటుంది, 'త్వరగా', 'బాగా' అన్నవాటితోనే కలుస్తుంది. 'చదువు' నామవాచకం మాత్రం లోపలా బయటా నామవాచకమే. భాషాశాస్త్రవేత్త మార్టిన్ హాస్పెల్‌మాత్ 1996లో చెప్పింది సరిగ్గా ఇదే: జాతి మారినంత మాత్రాన డెరివేషన్ కాదు, జాతిని మార్చే ఇన్‌ఫ్లెక్షన్ కూడా ఉంది. 'చదివిన పుస్తకం'లో 'చదివిన' కూడా అలాంటిదే. విశేషణంలా నిలబడుతుంది, కానీ అందులో కాలం ఉంది, 'చదవని' అని వ్యతిరేకం కూడా ఉంది.

నా మార్పు: జాతి పరీక్షని కొట్టేయలేదు, పక్కన పెట్టాను. అప్పటికి అది పూర్తిగా చెడ్డదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

మూడో దశ: 40 క్రియలతో ఖాళీల లెక్క

రెండో పరీక్ష: తోక ప్రతి మాటకీ తగులుతుందా, మధ్యలో ఖాళీలున్నాయా? ఇన్‌ఫ్లెక్షన్ అయితే దాదాపు అన్నిటికీ తగలాలి. మూడోది: తగిలాక అర్థం ముందే ఊహించినట్టు ఉందా, పక్కదారి పట్టిందా?

చేసిన విధానం:

1. కథల్లోంచి 40 క్రియలు తీశాను. 'లేదు', 'వద్దు' లాంటి సగం రూపాలే ఉన్నవాటిని వదిలేశాను.
2. ప్రతి దానికి మూడు గడులు గీశాను: -డం రూపం, చిన్న నామవాచకం (ఆట, కోత, గెలుపు లాంటివి), చేయించే రూపం.
3. గడి నింపడానికి తడుముకుంటే ఖాళీ వదిలేశాను. నిఘంటువు చూసి నింపలేదు.

ఫలితం:

- -డం: 40కి 40
- చిన్న నామవాచకం: 40కి 27
- -ఇంచు, -పించు: 40కి 33

రెండో గడిలో ఖాళీల కంటే ముఖ్యమైన సంగతి, నిండిన 27 కూడా ఒక దారిలో లేకపోవడం. ఆడు-ఆట, పాడు-పాట. కోయు-కోత, మేయు-మేత. గెలుచు-గెలుపు, కానీ ఓడు-ఓటమి. కోరు-కోరిక. తిను-తిండి. తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు 'ఓడు' నుంచి 'ఓటమి' వస్తుందని కనిపెట్టలేడు, 'ఓడడం' మాత్రం మొదటి వారంలోనే అనేస్తాడు.

అర్థం సంగతి చూడాలంటే 'నడుచు' ఒక్కటి చాలు. దాన్నుంచి 'నడక' వచ్చింది, 'నడత' కూడా వచ్చింది. 'ఆవిడ నడక బాగుంది' అంటే కాళ్ల సంగతి. 'ఆవిడ నడత బాగుంది' అంటే గుణం సంగతి. ఒక్క అక్షరం తేడాతో పెళ్లి సంబంధాలు చెడిపోయే తేడా. 'నడవడం' అన్నప్పుడు ఈ గొడవ లేదు, అది ఎప్పుడూ నడవడమే. అలాగే 'కోయడం' కోయడమే, 'కోత' మాత్రం పొలంలో ఒకటి, కరెంటు ఆఫీసులో ఇంకొకటి.

ఇక చేయించే రూపం. ఖాళీగా ఉన్న ఏడూ ఇవి: లేచు, చచ్చు, ఉండు, పడు, కూర్చొను, మునుగు, దిగు. వీటికి భాష వేరే మాటలు పెట్టుకుంది: లేపు, చంపు, ఉంచు, పడేయు, కూర్చోబెట్టు, ముంచు, దించు. మొదటి దశలో నన్ను ఏడిపించిన 'దించు' ఇదే. పైకి -ఇంచు ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ విడదీస్తే 'దిగు' దొరకదు.

ఇందాక 'ఏడిపించిన' అన్నాను చూడండి, అది కూడా పక్కదారి పట్టిన మాటే. పిల్లల్ని ఏడిపించడం అంటే చాలాసార్లు ఆటపట్టించడమే, కన్నీళ్లు రానక్కర్లేదు.

ఒక కథలో 'వడ్లు ఆడించుకొచ్చాం' అని వచ్చింది. టైపు చేసేటప్పుడు నాకు ఏదో ఆటలా అనిపించి అమ్మమ్మని అడిగాను.

"అమ్మమ్మా, వడ్లు ఆడించడమేంటి?"

"మిల్లుకి తీసుకెళ్లి బియ్యం చేయించటంరా. నువ్వెప్పుడైనా మోసుంటేగా తెలియటానికి."

ఆడు, ఆడించు అని కలిపేస్తే ఈ అర్థం పట్టికలో ఎక్కడా ఉండదు. 'చదివించు' ఇంకా ముందుకెళ్లింది. పిల్లల్ని బడికి పంపి పైకి తేవడం ఒకటి, పెళ్లిలో కట్నకానుకలు ఇవ్వడం ఇంకొకటి. 'చదివింపులు' అన్న మాటలో చదువు ఆనవాలు వెతికితే గానీ దొరకదు.

ఆ రోజు నోట్స్‌లో ఇలా రాసుకున్నాను: -డం కోయాలి. -ఇంచు ఉంచాలి. జాతి పరీక్ష ఈ రెండింటినీ తలకిందులుగా చెప్పింది.

నాలుగో దశ: ఏది లోపల, ఏది బయట

భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో 30 భాషలు పక్కపక్కన పెట్టి చూసి చెప్పిన సూత్రాల్లో 28వది ఇది: రెండు రకాల తోకలూ ధాతువుకి ఒకే పక్కన తగిలితే, డెరివేషన్ తోక ధాతువుకి దగ్గరగా, ఇన్‌ఫ్లెక్షన్ తోక దూరంగా ఉంటుంది. మన సంస్కృత వ్యాకరణం చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. కృత్, తద్ధిత ప్రత్యయాలు చేరితే వచ్చేది ప్రాతిపదిక. దాని మీద సుప్ విభక్తి చేరితేనే అది పదం. పదం అయ్యాక మామూలుగా కథ ముగిసినట్టే.

తెలుగులో సరిచూశాను:

1. 'మంచితనానికి': మంచి, తనం, కి. తనం లోపల, కి బయట. సరే.
2. 'పిల్లతనం' ఉంది, 'పిల్లలతనం' లేదు. బహువచనం తగిలాక తనం తగలదు. సరే.
3. 'చేయించాడు': చేయి, ఇంచు, తర్వాత కాలం, తర్వాత 'డు'. ఇంచు లోపల. సరే.
4. 'ముక్కలుగా కోయి': ముక్క, లు, గా. గా బయట ఉంది. అంటే -గా ఇన్‌ఫ్లెక్షన్ వైపు మొగ్గుతోంది.
5. 'ఇంట్లోవాళ్లకి': ఇల్లు, లో, వాళ్లు, కి.

ఐదో దాని దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. 'లో' ఇన్‌ఫ్లెక్షన్ అని అప్పటికే రాసుకున్నాను. దాని తర్వాత 'వాళ్లు' వచ్చి మనుషుల్ని సూచించే కొత్త మాట పుట్టింది, మళ్లీ దాని మీద 'కి'. సూత్రం విరిగిందనిపించింది. 'లో'ని డెరివేషన్‌లోకి మారిస్తే 'ఊళ్లో', 'బడిలో', 'చెట్టులో' అన్నీ సొంత ఎంట్రీలవుతాయి. ఆ ప్రయోగం కూడా చేశాను, పట్టిక 3,000 దాటింది, ఆపేశాను.

తప్పు 'లో'ది కాదు. 'వాళ్లు'ని తోక అనుకోవడమే తప్పు. అది ఒంటరిగా నిలబడే మాట: 'వాళ్లు వచ్చారు'. 'ఇంట్లోవాళ్లు' అంటే రెండు మాటలు అతుక్కుని రాసుకున్నవి. 'చేసినవాడు', 'పక్కింటిది' కూడా ఇదే తీరు. వాడు, వాళ్లు, ది అన్న మూడింటినీ తోకల జాబితా నుంచి తీసేసి, వేరే అడుగులో ముందే విడగొట్టేలా మార్చాను. విడగొట్టాక మిగిలిన 'ఇంట్లో' మీద మామూలు కోత.

ఐదో దశ: మార్కులు వేసి, ఒక పరీక్ష తీసేసి

ఇంకో పరీక్ష మిగిలింది. స్టీఫెన్ ఆండర్సన్ 1982లో ముందుకి తెచ్చిన ఆలోచన: వాక్య నిర్మాణం పట్టించుకునేదే ఇన్‌ఫ్లెక్షన్. దీన్ని ఇంట్లో వాడుకునేలా మార్చుకున్నాను. ఆ మాట తీసేసి, తోక లేని వేరే మాట పెడితే వాక్యం నిలబడుతుందా?

'పిల్లతనం పోలేదు' అన్నదాంట్లో 'జ్వరం' పెట్టండి. 'జ్వరం పోలేదు', నిలబడింది. వాక్యానికి 'తనం'తో పనిలేదు. 'పిల్లలు వచ్చారు'లో 'పిల్ల' పెడితే 'పిల్ల వచ్చారు', విరిగింది. 'చదవడం మొదలుపెట్టాడు'లో ఉత్త 'చదువు' క్రియ పెట్టినా విరుగుతుంది. ఆ క్రియ అక్కడ -డం రూపంలోనే రావాలి.

ఇక ఐదు పరీక్షలకీ మార్కులు వేశాను. ఇన్‌ఫ్లెక్షన్ అనిపిస్తే 1, కాకపోతే 0, తేలకపోతే అర. వరుస: జాతి, ఖాళీలు, అర్థం, చోటు, వాక్యం.

- -లు: 1, 1, 1, 1, 1. మొత్తం 5
- -డం: 0, 1, 1, 1, 1. మొత్తం 4
- -గా: 0, 1, 1, 1, అర. మొత్తం 3.5
- -ఇంచు: 1, 0, 0, 0, అర. మొత్తం 1.5
- -తనం: అన్నీ 0

-ఇంచుకి వాక్యం దగ్గర అర ఎందుకంటే, అది వస్తే వాక్యంలోకి ఇంకో మనిషి వస్తాడు ('పనివాడి చేత చేయించాడు'). కానీ ఏ వాక్యమూ దాన్ని బలవంతంగా అడగదు.

ఈ అంకెలు నచ్చలేదు. 5, 4, 3.5, 1.5, 0 అని మెట్లలా దిగుతున్నాయి, ఎక్కడ గీత గీయాలో తెలియదు. అప్పుడు జాతి గడిని తీసేసి చూశాను: 4, 4, 3.5, 0.5, 0. మెట్లు పోయి మధ్యలో గొయ్యి వచ్చింది. రెండో దశలో పక్కన పెట్టిన పరీక్షని ఇక్కడ పూర్తిగా కొట్టేశాను. మిగతా నాలుగూ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తుంటే అదొక్కటే అడ్డం తిరుగుతోంది. తెలుగు వరకు నా అభిప్రాయం ఇది, వేరే భాషతో చేసేవాళ్లు తీసేసేముందు లెక్క వేసుకోండి.

31 తోకల చివరి లెక్క: కోసేవి 21, సొంత ఎంట్రీ ఇచ్చేవి 7, ముందే విడగొట్టేవి 3.

- పట్టికలో మాటలు: 2,245
- 200లో తప్పులు: 14

-ఇంచు మాటలకి సొంత ఎంట్రీ ఇచ్చినా, పక్కన 'ఆడు చూడండి' అని చిన్న సూచన పెట్టాను. 'ప్రేమించు', 'ఆలోచించు' లాంటివాటికి అది కూడా వద్దు. అక్కడి -ఇంచు ఎవరిచేతా ఏమీ చేయించదు, నామవాచకాన్ని క్రియ చేస్తుందంతే. చూపుకి ఒకటే తోక, పని వేరు.

ఆరో దశ: మిగిలిన 14

మూడు సంధి వల్ల ప్రోగ్రామ్‌కి అందనివి. ఐదు -గా తెచ్చినవి. 'అందంగా' నుంచి 'అందం' తీయొచ్చు, 'బాగా' నుంచి 'బాగు' కూడా సర్దుకోవచ్చు. కానీ 'ఏకంగా నా మీదే అరిచాడు'లో 'ఏకం' ఎక్కడుంది? నిజానికి -గా ఒకప్పుడు తోకే కాదు, 'అగు' క్రియ రూపం. 'అందమైన'లో ఉన్న 'ఐన' కూడా ఆ క్రియదే. మాట తోకగా అరుగుతూ వచ్చింది కాబట్టి ఇలాంటి ముక్కలు మిగిలాయి. గడ్డకట్టినవాటిని చేత్తో ఏరి సొంత ఎంట్రీలిచ్చాను.

మిగతా ఆరు బహువచనాలు. మార్కుల్లో -లుకి అర్థం దగ్గర ఒకటి ఇచ్చాను కదా, అక్కడ కాస్త ఉదారంగా ఇచ్చినట్టున్నాను. 'మర్యాద' అంటే గౌరవం. 'పెళ్లిలో మర్యాదలు బాగా జరిగాయి' అంటే భోజనాలు, విడిదిలో కాఫీలు, తాంబూలాలు. ఇది 'మర్యాద'కి ఉత్త బహువచనం కాదు. 'నీళ్లు'కి 'నీరు' అనే ఏకవచనం ఉన్నా రెండింటి అర్థం ఒకటే, అయినా 'నీళ్లు వచ్చాయి' అని క్రియ బహువచనంలోనే వస్తుంది.

గేర్ట్ బోయ్ చేసిన విభజన ఇక్కడ పనికొచ్చింది. ఇన్‌ఫ్లెక్షన్‌లోనే రెండు రకాలున్నాయంటాడు. 'వచ్చారు'లో 'రు' పక్క మాట బలవంతం మీద వచ్చింది, దానికి సొంత అర్థం ఎంపిక లేదు. 'పిల్లలు'లో 'లు' మాత్రం చెప్పేవాడు ఎంచుకున్నది, అది బయటి లోకం గురించి ఏదో చెబుతోంది. ఈ రెండో రకానికి డెరివేషన్ గుణాలు కొన్ని అంటుకుంటాయి, అర్థం జారడం వాటిలో ఒకటి. నా 14 తప్పుల్లో క్రియ చివరి డు, ది, రు తోకల వల్ల వచ్చినది ఒక్కటీ లేదు, బహువచనం వల్ల ఆరు. లెక్క దానికి తగ్గట్టే ఉంది.

ఆ ఆరు మాటలూ ఇప్పుడు మినహాయింపు ఫైల్లో ఉన్నాయి. మొన్నటికి ఫైల్లో మొత్తం 63 మాటలు. నిన్న 'పెద్దలు' చేర్చి 64 చేశాను, ఎందుకంటే ఒక కథలో 'పెద్దలకి పెట్టాం' అని ఉంది, అది బతికున్న పెద్దవాళ్లకి పెట్టిన భోజనం కాదు.